బ్లూ ఓషనా, రెడ్ ఓషనా, వాల్యూ ఇన్నోవేషనా? బిట్లలో తడబడే చోట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో సాయంత్రం పూట ఎంబీఏ పిల్లలతో, యూజీసీ నెట్‌కి చదివేవాళ్లతో కూర్చుని స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ బిట్లు చేయిస్తుంటాను. ఈ చాప్టర్ దగ్గరికి వచ్చేసరికి ఏటా అవే ప్రశ్నలు, అవే తప్పులు. నిర్వచనం అడిగితే గడగడా చెప్పేస్తారు, అదే నిర్వచనాన్ని ఒక చిన్న కథలో పెట్టి అడిగితే మాత్రం డిఫరెన్షియేషన్ దగ్గర టిక్కు పెట్టేసి వస్తారు. అందుకే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

రెడ్ ఓషన్, బ్లూ ఓషన్ అంటే ముందు ఒక్క ముక్కలో చెప్పండి.

ఇప్పటికే ఉన్న మార్కెట్లో, ఉన్న కస్టమర్ల కోసమే, అందరూ ఒప్పుకున్న నియమాలతో కొట్టుకోవడం రెడ్ ఓషన్. ఇంకా ఎవరూ పోటీ పడని మార్కెట్ జాగాను తయారుచేసుకుని, ఇంతవరకు కొనని వాళ్లను కొనేలా చేసుకోవడం బ్లూ ఓషన్. పోటీలో రక్తం పారి నీళ్లు ఎర్రబడ్డాయని రెడ్ ఓషన్‌కి ఆ పేరు.

బిట్లలో ఈ తేడాను ఐదు జతలుగా అడుగుతారు. ఉన్న మార్కెట్లో పోటీ పడటం, పోటీ లేని జాగా సృష్టించడం మొదటి జత. పోటీదారును ఓడించడం, పోటీనే అప్రస్తుతం చేయడం రెండోది. ఉన్న డిమాండ్‌ను వాడుకోవడం, కొత్త డిమాండ్ పుట్టించి పట్టుకోవడం మూడోది. నాలుగోది వాల్యూ, కాస్ట్ రెండింట్లో ఒకటి వదులుకోవడమా, ఆ బేరాన్నే బద్దలు కొట్టడమా అన్నది. సంస్థ పనులన్నిటినీ డిఫరెన్షియేషన్, తక్కువ ఖర్చు రెండింట్లో ఒకదానికి సర్దడమా, రెండింటికీ కలిపి సర్దడమా అన్నది ఐదోది. మొదటి మూడింట్లో ఎవరూ పెద్దగా తప్పు చెయ్యరు. మార్కులు పోయేదంతా నాలుగు, ఐదుల్లోనే, కాబట్టి మనం ఎక్కువసేపు అక్కడే ఉందాం.

ఎవరు చెప్పారు, ఎప్పుడు?

డబ్ల్యూ. చాన్ కిమ్, రెనీ మోబోర్న్, ఇద్దరూ ఇన్‌సియాడ్ ప్రొఫెసర్లు. వాల్యూ ఇన్నోవేషన్ అన్న మాటతో వాళ్ల వ్యాసం హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 1997లో వచ్చింది, బ్లూ ఓషన్ వ్యాసం 2004లో, పుస్తకం 2005లో. అంటే వాల్యూ ఇన్నోవేషన్ అన్న ఆలోచనే పాతది, సముద్రాల పోలిక ఆ తర్వాతది. కాలక్రమం అడిగే బిట్లలో ఇది తిరగేసి రాసేవాళ్లున్నారు. ఇంకొకటి, వాళ్లు పరిశీలనకు తీసుకున్న యూనిట్ కంపెనీ కాదు, పరిశ్రమ కాదు, స్ట్రాటజిక్ మూవ్, అంటే ఒక సంస్థ ఒక సందర్భంలో వేసిన అడుగు. 1880 నుంచి 2000 వరకు, 30కి పైగా పరిశ్రమల్లో అలాంటి 150 అడుగులను చూశారు. ‘యూనిట్ ఆఫ్ అనాలిసిస్ ఏది’ అని బిట్ వస్తే పరిశ్రమ అని పెట్టకండి, అది పోర్టర్ దారి.

వాల్యూ ఇన్నోవేషన్ అంటే డిఫరెన్షియేషనే కదా? రెండింట్లోనూ కస్టమర్‌కి కొత్తదేదో ఇస్తున్నారు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి నిర్వచనంతో జవాబు చెబితే బుర్రకెక్కదు. మనకు తెలిసిన సరుకుతో చూద్దాం.

ఆత్రేయపురం పూతరేకులు. 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రేకు తీయడం చూసే ఉంటారు కదా, బాగా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కింద మంట మండుతున్న బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగితే, మనం రెప్పవేసేలోపు కాగితంలాంటి రేకు లేచొస్తుంది. ఆ తర్వాత రేకును తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం తురుమో పంచదార పొడో చల్లి మడత పెడతారు. ఈ రెండు పనులు వేరు వేరన్నది గుర్తుపెట్టుకోండి, రేకు తీయడం ఒకటి, చుట్టడం ఇంకొకటి. మన ఉదాహరణ అంతా ఆ తేడా మీదే నిలబడుతుంది.

ఇప్పుడు రావులపాలెం దగ్గర హైవే పక్కన కొట్ల వరస ఊహించుకోండి. లెక్కలు నేను అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ కొట్టు లెక్కా కాదు. పది పూతరేకుల పెట్టె మామూలు కొట్టుకు పడే ఖర్చు ఇది: రేకులకు 40 రూపాయలు, నెయ్యి బెల్లాలకు 60, చుట్టే కూలి 20, పెట్టెకు 20, రోడ్డు మీద కొట్టు అద్దె, లైట్లు, మనిషి జీతం పెట్టెకు 30. మొత్తం 170. అమ్మేది 200కి. పక్క కొట్టూ 200కే అమ్ముతుంది, ఎవరైనా 190 అంటే రెండో రోజుకల్లా వరసంతా 190 అవుతుంది. కొనేవాళ్లు ఆ దారిన కార్లలో పోయేవాళ్లే, ఆ కార్ల కోసమే అందరూ బోర్డులు పెంచుకుంటూ పోతారు. ఇది రెడ్ ఓషన్.

ఒక కొట్టు వాళ్లు జీడిపప్పు, బాదం, పిస్తా దట్టించి, మంచి టిన్ను డబ్బాలో పెట్టి, 320కి అమ్ముతారు. ఖర్చు 260 అయింది. కస్టమర్‌కి వాల్యూ పెరిగింది, దాంతోపాటు ఖర్చూ పెరిగింది. ఇది డిఫరెన్షియేషన్.

ఇంకో కొట్టు వాళ్లు నెయ్యి తగ్గించి, పెట్టె పల్చన చేసి, ఖర్చు 140కి దించి 160కి అమ్ముతారు. ఖర్చు తగ్గింది, తినేవాడికి వాల్యూ కూడా తగ్గింది. తక్కువ ఖర్చు దారి ఇది. రెండు కొట్లూ తెలివైనవే, రెండూ రెడ్ ఓషన్లోనే ఉన్నాయి, ఎందుకంటే రెండూ ఒకటి పొందడానికి ఇంకొకటి వదులుకున్నాయి.

ఇప్పుడు మూడో మనిషి. ఆమె కార్లలో పోయేవాళ్లను వదిలేసి, కొననివాళ్లు ఎందుకు కొనట్లేదని ఆలోచించింది. బెంగళూరులో ఉన్న కూతురికి పంపితే రెండు రోజులకి నెయ్యి, బెల్లం పీల్చుకుని రేకులు మెత్తబడిపోతాయి, తినేసరికి ఆ కరకర ఉండదు, అందుకే చాలామంది అసలు పంపరు. అందుకని ఆమె చుట్టడమే మానేసింది. ఉత్త రేకులు అట్టల మధ్య సర్ది గట్టి పెట్టెలో పెట్టి, నెయ్యి చిన్న సీసాలో, బెల్లం తురుము విడిగా పొట్లంలో ఇచ్చింది. తినే ముందు ఇంట్లో పిల్లలతో కలిసి చుట్టుకోవడమే. రోడ్డు మీద కొట్టు లేదు, ఇరవై రకాల రుచులూ లేవు, ఉన్నది బెల్లం ఒక్కటే. ఖర్చు చూడండి: రేకులు 40, నెయ్యి బెల్లం 60, గట్టి పెట్టె 30, చిన్న గోడౌన్ వాటా 5. మొత్తం 135. చుట్టే కూలి సున్నా. అమ్మింది 220కి, కొరియర్ విడిగా.

మామూలు కొట్టు ఖర్చు 170, ఈమెది 135. కస్టమర్‌కి మాత్రం ఇంతకుముందు ఏ కొట్టూ ఇవ్వలేని కరకర వారం తర్వాత కూడా దొరుకుతోంది. ఖర్చు ఎందువల్ల తగ్గిందో, వాల్యూ ఎందువల్ల పెరిగిందో చూస్తే రెండూ ఒకే పనివల్ల జరిగాయి, చుట్టడం తీసేయడం వల్ల. వాల్యూ ఇన్నోవేషన్ అంటే ఇదే. బిట్ చదివేటప్పుడు ఏం చేర్చారో వెతికే అలవాటు అందరికీ ఉంటుంది, డిఫరెన్షియేషన్‌లోనూ ఏదో ఒకటి చేరుస్తారు కాబట్టి దాంతో ఏమీ తేలదు. ఏం తీసేశారో వెతకండి. తీసేసింది లేకపోతే ఖర్చు తగ్గే దారి లేదు, అప్పుడది దాదాపు ఎప్పుడూ డిఫరెన్షియేషనే.

కానీ ఉత్త రేకులు అమ్మేవాళ్లు ఇప్పటికే ఉన్నారు కదా సార్, ఇందులో కొత్తేముంది?

పోయినేడాది ఒక అమ్మాయి లేచి ఇదే అడిగింది, వాళ్ల ఇంట్లో రేకులు తీస్తారట. మంచి ప్రశ్న. రేకులు తీసేవాళ్ల దగ్గర్నుంచి కొట్లవాళ్లు ఉత్త రేకులే కొంటారు, ఆ మాట నిజం. అయితే వాల్యూ ఇన్నోవేషన్‌లో వస్తువు ప్రపంచంలో ఎన్నడూ లేనిదై ఉండాలన్న షరతు లేదు. ఎవరి కోసం, దేన్ని తీసేసి, దేన్ని పెంచి, ఎలా కూర్చారన్నది కొత్తదవ్వాలి. ‘బ్లూ ఓషన్ అంటే పూర్తిగా కొత్త పరిశ్రమ పుట్టాలి’ అని స్టేట్‌మెంట్ ఇస్తే అది తప్పు. ఎక్కువ బ్లూ ఓషన్లు ఉన్న పరిశ్రమ లోపల్నుంచే, దాని హద్దులు జరపడం వల్లనే పుట్టాయని కిమ్, మోబోర్న్ స్వయంగా చెప్పారు.

ఆ అమ్మాయే ఇంకో మాట కూడా అంది, రేకులు దారిలో విరిగిపోతే ఏం చేస్తారని. అదీ ముఖ్యమే. సగం రేకులు ముక్కలై చేరితే వాల్యూ అక్కడే పోయింది, ఖర్చు తగ్గి ఏం లాభం? అందుకే పెట్టెకు 20 బదులు 30 పెట్టించాను. అలాగే చుట్టడం రానివాళ్లకి మొదటిసారి చేతకాక విసుగొస్తుంది, నేర్పే కాగితమో వీడియోనో లేకపోతే రెండోసారి కొనరు. కిమ్, మోబోర్న్ పుస్తకంలో దీనికో వరస ఉంది: ముందు బయ్యర్ యుటిలిటీ, తర్వాత ధర, తర్వాత ఖర్చు, చివర అడాప్షన్, అంటే జనం అలవాటు పడటానికి అడ్డొచ్చేవి. వరస అడిగే బిట్ ఇది. ఖర్చు ముందు, ధర తర్వాత అని పెట్టేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే మన వ్యాపారాల్లో ఖర్చు లెక్కేసి దాని మీద లాభం కలిపి ధర పెట్టడం అలవాటు. ఇక్కడ తిరగేసి ఉంటుంది: ఎక్కువమంది కొనగలిగే ధర ముందు తేల్చుకుని, ఆ ధరకి సరిపోయేలా ఖర్చును కిందికి దించాలి.

తక్కువ ఖర్చు అన్నారు, మళ్లీ 220కి అమ్మారు. తక్కువ ధర ఉండక్కర్లేదా?

అక్కర్లేదు. కాస్ట్ వేరు, ప్రైస్ వేరు. కాస్ట్ అమ్మేవాడికి పడేది, ప్రైస్ కొనేవాడు ఇచ్చేది. తెలుగులో రెండింటికీ మనం ‘రేటు’, ‘ఖర్చు’ అని కలిపేసి మాట్లాడతాం, దాంతో బిట్‌లో ‘లో కాస్ట్’ అని కనిపించగానే చౌక సరుకు అనుకుంటాం. వాల్యూ ఇన్నోవేషన్‌లో తగ్గాల్సింది కాస్ట్. ధర పరిశ్రమ కంటే ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు.

కెనడాలో 1984లో మొదలైన సర్క్ డు సొలైల్ దీనికి బాగా పనికొస్తుంది. సర్కస్‌లో ఖర్చంతా జంతువుల మీద, పేరున్న స్టార్ కళాకారుల మీద పోయేది. వాళ్లు ఆ రెండూ తీసేశారు. గుడారం ఉంచారు, దాన్ని ఇంకా అందంగా చేశారు. కథ, సంగీతం, నాట్యం చేర్చారు. టికెట్ ధర మామూలు సర్కస్ కంటే చాలా ఎక్కువ, నాటకం చూడ్డానికి పెట్టే డబ్బుతో పోల్చేంత. ఎందుకు చెల్లింది? వచ్చినవాళ్లు పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు మాత్రమే కారు, సర్కస్‌కి ఎన్నడూ రాని, నాటకాలకు వెళ్లే పెద్దవాళ్లు. ధర ఎక్కువ, అయినా వాల్యూ ఇన్నోవేషనే.

ఎల్లో టెయిల్ అని ఆస్ట్రేలియా వైన్ ఉంది, అమెరికాలో 2001లో దిగింది. వైన్ కొట్లో వందల సీసాలు, సీసా మీద అర్థంకాని మాటలు, ద్రాక్షతోట ఘనత, ఎన్నేళ్లు నిల్వ ఉంచారన్న గొప్ప. వాళ్లు ఆ మాటలు, నిల్వ గొప్ప, భారీ ప్రకటనలు తీసేసి, ఒక తెల్లది, ఒక ఎర్రది రెండే రకాలతో వచ్చారు. ధర మాత్రం చౌక వైన్ల కంటే పెంచారు. బీరు, కాక్‌టెయిల్ తాగేవాళ్లు వచ్చి కొన్నారు. ఏది తీసేశారు, తగ్గించారు, పెంచారు, కొత్తగా తెచ్చారు అని ఎలిమినేట్, రెడ్యూస్, రెయిజ్, క్రియేట్ అన్న నాలుగు గడుల్లో రాస్తారు, ఇక్కడ ‘రెయిజ్’ గడిలో ధర ఉంటుంది, అది చూసి పిల్లలు ఖంగుతింటారు. ఖంగుతినక్కర్లేదు, కాస్ట్, ప్రైస్ వేరని గుర్తుంటే చాలు.

ఎలిమినేట్, రెడ్యూస్ మధ్య, రెయిజ్, క్రియేట్ మధ్య తికమక అవుతోంది. ఎలా విడదీయాలి?

ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది పరిశ్రమలో ముందునుంచీ ఉందా? ఉంది, పూర్తిగా తీసేశారు అంటే ఎలిమినేట్. ఉంది, కొంచెం ఉంచారు అంటే రెడ్యూస్. ఉంది, పెంచారు అంటే రెయిజ్. లేదు, కొత్తగా తెచ్చారు అంటే క్రియేట్. మన రేకుల ఆమెకు చుట్టే పని, రోడ్డు మీద కొట్టు ఎలిమినేట్‌లో పడతాయి, రకాలు రెడ్యూస్‌లో, కరకర నిలిచే రోజులు రెయిజ్‌లో, ఇంట్లో పిల్లలతో చుట్టుకునే సరదా క్రియేట్‌లో.

సర్క్ డు సొలైల్ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది, దానిమీదే బిట్లు పడతాయి. సర్కస్ అంటే నవ్వు, ఒళ్లు గగుర్పొడిచే ప్రమాదకర ఫీట్లు. అవి ఎలిమినేట్ అని పెట్టేస్తారు. తీసేయలేదు, తగ్గించారు, కాబట్టి రెడ్యూస్. గుడారం క్రియేట్ అనుకుంటారు, అది సర్కస్‌కి ముందునుంచీ ఉన్నదే కాబట్టి రెయిజ్.

ఖర్చు వైపు, వాల్యూ వైపు ఎలా పంచాలో కూడా దీన్నుంచే తెలుస్తుంది. ఎలిమినేట్, రెడ్యూస్ ఖర్చును దించుతాయి, రెయిజ్, క్రియేట్ వాల్యూను పెంచుతాయి. జనం ఎక్కువగా కొనడం మొదలయ్యాక పెద్ద ఎత్తున తయారీ వల్ల ఖర్చు ఇంకా తగ్గుతుంది. చివరి మాట ఎందుకు చెబుతున్నానంటే, ‘వాల్యూ ఇన్నోవేషన్‌లో ఖర్చు తగ్గేది స్కేల్ వల్ల మాత్రమే’ అన్న స్టేట్‌మెంట్ బాగా ఇస్తారు. ‘మాత్రమే’ ఉంది కాబట్టి తప్పు.

కొత్త టెక్నాలజీ తెచ్చినా, అందరికంటే ముందు మార్కెట్లోకి వచ్చినా వాల్యూ ఇన్నోవేషన్ అయినట్టేనా?

కాదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్ని తీసుకోండి. చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకి పడుతుంది, రైతు నిద్ర అంతా ఆ టెన్షన్‌లోనే పోతుంది. ఒకరు చెరువులో పెట్టే పరికరం తయారుచేశారనుకోండి, ఇరవై రకాల కొలతలు సెకను సెకనుకీ ఫోన్లో గ్రాఫులుగా వస్తాయి, ధర లక్షన్నర. అందరికంటే ముందు తెచ్చింది వాళ్లే. కానీ రాత్రి రెండింటికి గట్టు మీద నిలబడ్డ రైతుకి ఆ గ్రాఫులతో పనిలేదు, ఏరేటర్ వేయాలా వద్దా అన్న ఒక్క మాట కావాలి. కొనడు. దీన్ని కిమ్, మోబోర్న్ వాల్యూ లేని ఇన్నోవేషన్ అంటారు, టెక్నాలజీ వైపు నుంచి మొదలై, కొనేవాడు ఒప్పుకుని డబ్బిచ్చే దూరం దాటి పోయింది.

అదే పరికరంలో ఒక్క ఆక్సిజన్ కొలత మాత్రం ఉంచి, తెర తీసేసి, 4 పీపీఎం కంటే కిందికి పడితే మామూలు బటన్ ఫోన్‌కి కాల్ వచ్చేలా చేసి, నెలవారీ అద్దెకి ఇస్తే? తీసేసినవి ఖర్చు దించాయి, చిన్న రైతు కూడా పెట్టుకోగలిగాడు. ఇది వాల్యూ ఇన్నోవేషన్ వైపు నడిచింది. టెక్నాలజీ రెండింట్లో దాదాపు ఒకటే, గమనించండి.

రెండో వైపు కూడా ఒక తప్పు ఉంది. ఉన్న పరికరాన్నే ఏటా కాస్త మెరుగుపరుస్తూ పోతే అది ఇన్నోవేషన్ లేని వాల్యూ. మంచిదే, కానీ మార్కెట్లో విడిగా నిలబెట్టదు. ‘ఇన్క్రిమెంటల్’ అన్న మాట బిట్‌లో కనిపిస్తే వాల్యూ ఇన్నోవేషన్ ఆప్షన్‌ని పక్కన పెట్టేయొచ్చు.

నిష్ మార్కెట్ పట్టుకోవడం బ్లూ ఓషన్ కాదా? అక్కడా పోటీ ఉండదుగా.

కాదు, అది ఫోకస్ స్ట్రాటజీ. అది మార్కెట్‌ని ముక్కలు చేసి ఒక చిన్న ముక్కకు ఇంకా బాగా సరిపోయేలా తయారవుతుంది. బ్లూ ఓషన్ దిశ దానికి పూర్తిగా ఎదురు. కస్టమర్ల మధ్య తేడాలు వదిలేసి, కస్టమర్ కానివాళ్లందరికీ ఉమ్మడిగా ఏముందో వెతుకుతుంది. కిమ్, మోబోర్న్ నాన్ కస్టమర్లను మూడు వరసలుగా చెప్పారు: ఇప్పుడు కొంటున్నా వదిలేసి పోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు, తెలిసీ వద్దనుకున్నవాళ్లు, ఎవరూ కస్టమర్లుగా లెక్కలోకే తీసుకోనివాళ్లు. బెంగళూరు కూతురికి పంపని తల్లి ఇందులో రెండో వరస, ఆమెకు పూతరేకుల గురించి తెలుసు, తెలిసీ కొనలేదు.

పోర్టర్ ‘స్టక్ ఇన్ ది మిడిల్’ అన్నాడు, కిమ్, మోబోర్న్ రెండూ కలిపి చెయ్యమంటున్నారు. బిట్‌లో ఎవరి మాట రాయాలి?

ప్రశ్న ఎవరి పేరుతో మొదలైందో వాళ్ల మాట. పోర్టర్ 1980 పుస్తకంలో, డిఫరెన్షియేషన్, కాస్ట్ రెండూ పట్టుకోబోయి ఏదీ దక్కనివాడు మధ్యలో ఇరుక్కుంటాడని చెప్పాడు. 1996 వ్యాసంలో ట్రేడాఫ్‌లే స్ట్రాటజీకి ప్రాణమని గట్టిగా చెప్పాడు. కిమ్, మోబోర్న్ ఆ ట్రేడాఫ్ ఉన్న పరిశ్రమ నియమాల లోపలే నిజమని, నియమాలు మార్చితే అది బద్దలవుతుందని అంటారు. వాళ్లు పోర్టర్ వైపు ఆలోచనను స్ట్రక్చరలిస్ట్ అన్నారు, తమది రీకన్‌స్ట్రక్షనిస్ట్ అన్నారు. జతపరచే బిట్లలో ఈ రెండు మాటలూ వస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, ఇద్దరి మాటా పైకి కనిపించినంత దూరంగా లేదు. మన రేకుల ఆమె కూడా ట్రేడాఫ్ చేసింది, హైవే మీద కార్లవాళ్లను వదులుకుంది. వాళ్లకి అప్పటికప్పుడు నోట్లో వేసుకునేది కావాలి, ఈమె దగ్గర దొరకదు. ఏదీ వదలకుండా అందరికీ అన్నీ ఇస్తానంటే అది పోర్టర్ చెప్పిన ఇరుక్కోవడమే. ఇది బిట్లలో రాయకండి, వ్యాసరూప ప్రశ్నలో మాత్రం రాయొచ్చు.

బెస్ట్ కాస్ట్ ప్రొవైడర్ అన్నది కూడా ఇక్కడే కలిసిపోతుంది. అది పోటీదారుల కంటే మంచి లక్షణాలను వాళ్ల కంటే తక్కువ ధరకి, ఉన్న కస్టమర్లకే ఇవ్వడం. పోటీ అదే, జాగా అదే. ఆప్షన్లలో రెండూ ఉంటే, కథలో కొత్త డిమాండ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చండి.

ఒక బిట్ పూర్తిగా చేసి చూపించండి.

ఇదిగో, నేను తయారుచేసి పెట్టేది:

‘ఒక సంస్థ తన పరిశ్రమలో తప్పనిసరి అనుకునే రెండు ఖరీదైన అంశాలను మానేసింది. ఇంతవరకు ఎవరూ ఇవ్వని ఒక ప్రయోజనాన్ని చేర్చింది. ధర పరిశ్రమ సగటు కంటే ఎక్కువ పెట్టింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆ పరిశ్రమ సరుకు ఇంతకుముందు కొననివాళ్లు. ఇది ఏది? ఎ. డిఫరెన్షియేషన్. బి. కాస్ట్ లీడర్‌షిప్. సి. వాల్యూ ఇన్నోవేషన్. డి. ఫోకస్డ్ డిఫరెన్షియేషన్.’

‘ధర ఎక్కువ’ దగ్గర చాలామంది ఆగిపోయి ఎ పెడతారు. నేను కూడా మొదట్లో ఇలాంటిదే ఒకటి ఒక కాలేజీ అంతర్గత పరీక్ష కీలో తప్పుగా ఎ అని ఇచ్చాను, ఒక కుర్రాడు వచ్చి ‘మొదటి వాక్యం మళ్లీ చదవండి సార్’ అన్నాక దిద్దాను, అందరికీ మార్కు కలిపాను. మొదటి వాక్యంలో ఖరీదైనవి మానేశారు, కాబట్టి ఖర్చు దిగింది. రెండో వాక్యంలో వాల్యూ పెరిగింది. మూడోది కాస్ట్ గురించి ఏమీ చెప్పదు, ఎర వేయడానికి పెట్టింది. నాలుగోది కొత్త డిమాండ్. జవాబు సి. ఇప్పుడు మొదటి వాక్యం కొట్టేసి చదవండి, సి అని చెప్పడానికి ఆధారం పోతుంది, ఎ బలపడుతుంది. ఇంట్లో ప్రాక్టీస్‌కి ఇలా ఒక్కో వాక్యం కొట్టేసి జవాబు ఎప్పుడు మారుతుందో చూసుకోండి, పది బిట్లు కొత్తవి చేయడం కంటే ఇది నయం.

అసర్షన్, రీజన్ రకం వస్తే?

‘అసర్షన్: బ్లూ ఓషన్ పోటీని అప్రస్తుతం చేస్తుంది. రీజన్: బ్లూ ఓషన్‌లో అనుకరించేవాళ్లు ఎప్పటికీ రారు.’ అసర్షన్ ఒప్పు, రీజన్ తప్పు. అనుకరణ వస్తుంది, ఆలస్యంగా రావచ్చు అంతే. మన రేకుల పెట్టె బాగా పోతే ఏడాది తిరక్కుండానే రావులపాలెం వరసంతా ఉత్త రేకుల పెట్టెలు అమ్ముతారు, అప్పుడు అదీ ఎర్రబడుతుంది. ఎప్పుడు ఎర్రబడిందో తెలుసుకోవడానికి స్ట్రాటజీ కాన్వాస్ గీస్తారు, అడ్డంగా పోటీ పడే అంశాలు, నిలువుగా ఒక్కో అంశం ఎంత స్థాయిలో ఇస్తున్నారన్నది. మీ గీత, పక్కవాడి గీత ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే మళ్లీ కొత్త అడుగు వేయాల్సిన టైమొచ్చిందన్నమాట.

డిస్రప్టివ్ ఇన్నోవేషన్ కూడా ఇదేనా?

కాదు. అది క్రిస్టెన్సన్ 1997లో చెప్పినది. అక్కడ మొదట నాసిగా కనిపించే చౌక సరుకు కింది నుంచి వచ్చి, మెరుగుపడుతూ పాతవాళ్లను తోసేస్తుంది. బ్లూ ఓషన్‌లో పాతవాడు కూలాలన్న షరతు లేదు. మన ఆమె పెట్టె అమ్మినంత మాత్రాన హైవే కొట్లు మూతపడవు, కార్లు ఆగుతూనే ఉంటాయి.